ఆరు శాతం అంటే ఎవరింటి ఆరు శాతం?

ఈ పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. లెక్కలున్నాయని పక్కన పెట్టకండి. కూడికలు, శాతాలు తప్ప ఇందులో ఇంకేం లేవు.

2024 నవంబరులో, దీపావళి సెలవుల నుంచి హాస్టల్‌కి తిరిగొచ్చిన కొత్తలో, మా రూంలో ఒక గొడవ అయింది. ఆ నెల 12న వార్త వచ్చింది: అక్టోబరు నెల ద్రవ్యోల్బణం 6.21 శాతం. గ్రూప్స్‌కి చదువుతున్న అన్న ఒకాయన ఆ అంకెను నోట్సులో రాసుకుంటుంటే, అప్పుడే ఇంటి నుంచి వచ్చిన తమ్ముడు నవ్వాడు. "అన్నా, ఆరు శాతమేంది? మా అమ్మ సంతల కూరగాయలు కొనలేక ఉత్త సంచి పట్టుకొని వచ్చింది. పోయినేడు వంద పెడితే వచ్చిన కూరగాయలకి ఇప్పుడు నూట యాభై అడుగుతున్నరు. ఇవన్నీ గవర్నమెంటోళ్లు ఆఫీసుల కూసోని రాసే లెక్కలు" అన్నాడు. అన్నకి కోపం వచ్చింది. పుస్తకంలో ఉన్న నిర్వచనం మొత్తం అప్పజెప్పాడు. తమ్ముడికి ఒక్క ముక్క ఎక్కలేదు.

ఇద్దరి మాటా నిజమే. అదెలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాం. ఎందుకంటే అదే రోజుల్లో మన మెస్ ఛార్జీల మీద కూడా ఒక పెద్ద వార్త వచ్చింది, ఆ వార్త అర్థం కావాలంటే ముందు ఈ ఆరు శాతం అర్థం కావాలి.

మొదట ఒక బుట్ట వేసుకుందాం. మన ఊళ్లో ఒక ఇల్లు నెలకి ఏమేం కొంటుందో అనుకుందాం. ఈ ధరలు లెక్క తెలియడానికి మేం వేసుకున్నవి, మీ ఊరి ధరలు వేరే ఉండొచ్చు. పోయినేడు అక్టోబరు, ఈ ఏడు అక్టోబరు పక్కపక్కన పెడుతున్నాం.

బియ్యం 20 కిలోలు: కిలో 40 నుంచి 41కి. మొత్తం 800 నుంచి 820.
కందిపప్పు 2 కిలోలు: కిలో 150 నుంచి 160కి. మొత్తం 300 నుంచి 320.
నూనె 2 లీటర్లు: లీటరు 125, మారలేదు. మొత్తం 250.
కూరగాయలు 5 కిలోలు: కిలో 30 నుంచి 46కి. మొత్తం 150 నుంచి 230.
ఆటో ఛార్జీలు: 300, మారలేదు.
ఫోన్ రీచార్జి: 200, మారలేదు.

అంతా కూడితే పోయినేడు 2000 రూపాయలు, ఈ ఏడు 2120. అదే సరుకులు, అంతే తూకం, కానీ 120 రూపాయలు ఎక్కువ. రెండు వేలకు నూట ఇరవై అంటే నూటికి ఆరు. ఆరు శాతం ద్రవ్యోల్బణం అంటే ఇదే. "ప్రతి వస్తువూ ఆరు శాతం పెరిగింది" అని కాదు. మన బుట్టలో ఆరు శాతం పెరిగిన వస్తువు అసలు ఒక్కటి కూడా లేదు చూడండి. మూడు కదలనే లేదు. బియ్యం రెండున్నర శాతం, పప్పు ఆరున్నర దాటి, కూరగాయలు ఏకంగా 53 శాతం పెరిగాయి. బుట్ట మొత్తం మోయడానికి ఎంత ఎక్కువ పడిందో ఆ ఆరు చెప్తుంది, అంతే.

ఇక్కడ మనలో చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఆరు వస్తువుల శాతాలు కూడి ఆరుతో భాగిస్తే పది దాటి వస్తుంది. అది తప్పు లెక్క. రీచార్జికీ బియ్యానికీ ఒకే విలువ ఇవ్వలేం కదా. రెండు వేలలో బియ్యానికి 800 పోతున్నాయి, అంటే నూటికి 40. కూరగాయలకి 150, అంటే నూటికి ఏడున్నర. దీన్నే వెయిటేజీ అంటారు. కూరగాయలు 53 శాతం పెరిగినా, బుట్టలో వాటి వాటా ఏడున్నరే కాబట్టి మొత్తం మీద అవి పెంచింది నాలుగు శాతమే. బియ్యం పెరిగింది కొంచెమే అయినా వాటా 40 కాబట్టి ఒక శాతం తెచ్చింది. పప్పు ఇంకో శాతం. నాలుగూ ఒకటీ ఒకటీ, ఆరు.

తమ్ముడు చూసింది ఆ కూరగాయల వరస ఒక్కటే. అన్న చదివింది కింద ఉన్న మొత్తం. అందుకే ఇద్దరూ నిజమే చెప్తూ కొట్లాడుకున్నారు. నిజంగానే 2024 అక్టోబరులో దేశం మొత్తానికి లెక్క దాదాపు ఇలాగే ఉంది. అందరూ చెప్పిన అంకె 6.21, కానీ అదే పట్టికలో కింద కూరగాయలు 42 శాతం పెరిగాయని ఉంది. ఆ 6.21లో సుమారు రెండున్నర ఒక్క కూరగాయలదే. తిండి వస్తువులన్నీ కలిపి చూస్తే 10.87 శాతం. అంటే తమ్ముడి అమ్మ చెప్పిన మాటను ప్రభుత్వం దాచలేదు. అదే కాగితంలో రాసి ఉంది. మనమే మొదటి అంకె దగ్గర ఆగిపోయాం.

మరి ఈ వాటాలు ఎవరు నిర్ణయిస్తారు? జాతీయ గణాంక కార్యాలయం వాళ్లు ఇళ్లకు తిరిగి, ఏ ఇల్లు దేనికి ఎంత ఖర్చు పెడుతుందో సర్వే చేస్తారు. మనం చెప్పుకుంటున్న ఆ 6.21 శాతానికి వాడిన వాటాలు 2011-12 సర్వే నాటివి. 2012ను ఆధార సంవత్సరంగా, అంటే 100గా పెట్టుకున్నారు. 1,181 ఊళ్లు, 1,114 పట్టణ మార్కెట్లు ఎంచుకుని, నెల నెలా అక్కడి ధరలు రాసుకునేవారు. ఏ షాపు, ఏ రకం, ఎంత తూకం అన్నది మార్చకుండా చూస్తారు. మార్చితే పోలికే ఉండదు. పోయిన నెల సన్న బియ్యం ధర, ఈ నెల దొడ్డు బియ్యం ధర రాసుకుంటే బియ్యం చౌకైనట్టు కనబడుతుంది, కానీ చౌకైంది ఏమీ లేదు.

ఇంకో మోసం కూడా ఉంది. సబ్బు పది రూపాయలే ఉంటుంది, కానీ లోపల సబ్బు చిన్నదవుతుంది. బిస్కెట్ ప్యాకెట్టూ అంతే. ధర మారలేదు అనుకుంటాం, గ్రాముకి ఎంత పడుతుందో చూస్తే పెరిగి ఉంటుంది. అందుకే లెక్క రాసేవాళ్లు ప్యాకెట్టు ధరతో ఆగకుండా తూకం కూడా చూడాలి. మన అమ్మలు సోల, మానెడు చూసి "కొలత తగ్గింది" అని పట్టుకునేది ఈ లెక్కనే.

వాటాల దగ్గరికి మళ్లీ వద్దాం. అసలు విషయం ఇక్కడే ఉంది. ఆ 2012 సిరీస్‌లో పల్లెలకు ఒక బుట్ట, పట్టణాలకు ఒక బుట్ట ఉన్నాయి. పల్లె బుట్టలో తిండి, పానీయాల వాటా నూటికి 54.18. పట్టణ బుట్టలో 36.29 మాత్రమే. పట్నంలో ఇంటి అద్దెకే నూటికి 20 పైన పోయేది, పల్లె బుట్టలో ఇంటి అద్దె అనే పద్దే ఉండేది కాదు. తిండి ధరలు పెరిగిన నెలలో ఎవరి బుట్ట ఎక్కువ బరువెక్కుతుందో ఇక చెప్పక్కర్లేదు. 2024 అక్టోబరులో పట్టణాలకు 5.62 శాతం ఉంటే పల్లెలకు 6.68. టీవీలో మనకు చెప్పిన 6.21 ఈ రెండూ కలిపి తీసింది.

పల్లె అన్నా అన్ని పల్లెలూ ఒకటి కాదు. మనం వేసుకున్న బుట్టలో బియ్యం తీసేయండి. రేషన్ బియ్యం ఉచితంగా వస్తున్న ఇల్లు అనుకుందాం. ఆ ఇంటికి పోయినేడు చేతి నుంచి పోయే డబ్బు 1200. ఈ ఏడు 1300. పెరుగుదల 8.3 శాతం! ఉచిత బియ్యం వచ్చే ఇంటికి ద్రవ్యోల్బణం ఎక్కువేంటి అని అనిపిస్తుంది. ఆ ఇల్లు మిగతా ఇంటి కంటే ఖర్చు తక్కువే పెడుతోంది, అది వేరే మాట. కానీ నెమ్మదిగా పెరిగే బియ్యం బుట్టలోంచి పోయి, దూకుడుగా పెరిగే కూరగాయలు, పప్పు మిగిలాయి. అందుకే వాళ్లు పెట్టే రూపాయల మీద పెరుగుదల ఎక్కువ కనబడుతుంది. సర్వే వాళ్లు లక్షల ఇళ్ల నుంచి సగటు తీస్తారు. సగటు తప్పు కాదు. కాకపోతే ఏ ఒక్క ఇల్లూ ఆ సగటులో కాపురం ఉండదు.

ఇప్పుడు రెండో పెద్ద పొరపాటు. "ద్రవ్యోల్బణం తగ్గింది" అంటే ధరలు తగ్గాయని అనుకోవడం.

2025 అక్టోబరు అంకె చూడండి. 0.25 శాతం. ఆ సిరీస్ మొదలైనప్పటి నుంచి అంత తక్కువ ఎప్పుడూ రాలేదు. "మరి మా మెస్‌లో ఖర్చు ఎందుకు తగ్గలేదు?" అని ఒక చెల్లె అడిగింది. వరస పెట్టి చూద్దాం. 2023 అక్టోబరులో బుట్ట 100 రూపాయలు అనుకుంటే, 2024 అక్టోబరుకి 106 రూపాయల 21 పైసలు. 2025 అక్టోబరుకి దాని మీద ఇంకో పావు శాతం, అంటే సుమారు 106 రూపాయల 48 పైసలు. బండి వేగం తగ్గింది, వెనక్కి మాత్రం రాలేదు. మొదటి ఏడు ఎక్కిన ఆరు రూపాయలు అట్లనే ఉన్నాయి.

కూరగాయల సంగతి వేరు, అవి నిజంగానే దిగాయి. 2024 అక్టోబరులో 42 శాతం పెరిగాయని చెప్పుకున్నాం కదా, 2025 అక్టోబరులో 27.57 శాతం తగ్గాయి. 42 పెరిగి 27 తగ్గితే ఇంకా 15 ఎక్కువ ఉండాలి కదా అనిపిస్తుంది. కాదు. 100 కాస్తా 142 అయింది. తగ్గిన 27.57 శాతం ఆ 142 మీద. అంటే 39 రూపాయలు దిగి 103 దగ్గర నిలిచింది. పెరిగిన శాతానికీ తగ్గిన శాతానికీ మూలం ఒకటి కాదు, అందుకే వాటిని నేరుగా కూడడం, తీసేయడం కుదరదు. పరీక్షలో కూడా ఇక్కడే పప్పులో కాలేస్తాం.

ఇంకో జాగ్రత్త. అక్టోబరును అక్టోబరుతోనే పోల్చాలి. వానాకాలంలో టమాట ఎక్కువ ఉంటుంది, చలికాలంలో పంట దిగాక తగ్గుతుంది. జులై ధర, జనవరి ధర పక్కపక్కన పెట్టి "సగానికి తగ్గింది" అంటే మనం కొలిచింది కాలాన్ని, ధరను కాదు. పోయినేడు అదే నెల ఎంత అని చూడడం అందుకే. దీంట్లో ఒక చిక్కు కూడా ఉంది. పోయినేడు అదే నెలలో ధరలు మరీ మండిపోయి ఉంటే, ఈ ఏడు మామూలుగా ఉన్నా అంకె చాలా చిన్నగా కనబడుతుంది. 2025 అక్టోబరులో 0.25 రావడానికి ఒక కారణం, అంతకుముందు ఏడు అక్టోబరు అంత ఎత్తులో ఉండడమే. కాబట్టి ఒక్క ఏడు అంకె చూసి సంతోషపడొద్దు, బాధపడొద్దు. రెండు మూడేళ్లు వరసగా పెట్టి చూడాలి.

వరసగా పెడితే ఏం కనబడుతుందో మన మెస్ ఛార్జీల మీదే చూద్దాం. ఈ పోస్టు రాయడానికి కారణం ఇదే.

2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం హాస్టళ్ల డైట్ ఛార్జీలు 40 శాతం పెంచింది. ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లలకు నెలకి 1100 ఉన్నది 1540 అయింది. ఇంటర్ నుంచి పీజీ దాకా 1500 ఉన్నది 2100 అయింది. పాత రేటు 2017 నాటిది. 40 శాతం అనగానే అందరం సంబరపడ్డాం. పెంచడం మంచిదే, కాదనడం లేదు. కానీ 40 ఎక్కువా తక్కువా అని అడగాలంటే, ఏడేళ్లలో బుట్ట ఎంత బరువెక్కిందో చూడాలి.

2018-19 నుంచి 2024-25 వరకు దేశంలో ఏడాది సగటు ద్రవ్యోల్బణం వరసగా ఇది: 3.4, 4.8, 6.2, 5.5, 6.7, 5.4, 4.6. వీటిని మామూలుగా కూడితే 36.6 వస్తుంది. కానీ ప్రతి ఏడు పెరుగుదల, అంతకుముందు పెరిగిన దాని మీద పడుతుంది. వడ్డీ మీద వడ్డీ ఎట్లనో ఇదీ అంతే. 2017-18లో 1100 రూపాయలకు వచ్చిన సరుకులకు, మొదటి ఏడు 1137 కావాలి. తర్వాత 1192. తర్వాత 1266. తర్వాత 1336. 2022-23కి 1425. ఆ తర్వాత 1502. 2024-25కి 1571 రూపాయలు. అంటే మొత్తం సుమారు 43 శాతం.

పెంచాక వచ్చింది 1540. కావాల్సింది 1571. 40 శాతం అని పెద్దగా వినబడ్డ ఆ పెంపు, 2017లో మన పళ్లెంలో ఉన్నదాన్ని తిరిగి తెచ్చిందే తప్ప, కొత్తగా ఒక గరిటె వేయలేదు. అసలు కొంచెం తక్కువే పడింది. ఇది కూడా మామూలు బుట్ట లెక్క. డైట్ ఛార్జీ మొత్తం తిండికే పోతుంది కాబట్టి, దానికి సరైన కొలబద్ద తిండి వస్తువుల సూచీ. తిండి ధరలు ఎక్కువ పెరిగిన ఏడాదుల్లో మెస్ మీద పడ్డ బరువు ఇంకా ఎక్కువ.

అసలు నష్టం ఆ 31 రూపాయలు కాదు. మధ్యలో పోయిన ఏళ్లు. 2022-23లో 1425 కావాల్సిన చోట రేటు ఇంకా 1100. ఒక్కో పిల్లకి నెలకి 325 రూపాయల తిండి కోత. ఆ ఏడు కోత ఎక్కడ పడి ఉంటుందో మెస్‌లో తిన్న మనకు తెలుసు. పప్పు నీళ్లవుతుంది, గుడ్డు ఒక రోజు తప్పుతుంది, కూరలో ఆలుగడ్డ తప్ప ఏమీ దొరకదు. వార్డెన్ తినేశాడు అనుకుంటాం. కొన్నిచోట్ల తింటారేమో. కానీ ఎవరూ ఒక్క రూపాయి తినకపోయినా ఆ పళ్లెం చిన్నదవ్వాల్సిందే, లెక్క అట్లా ఉంది. 2024లో రేటు పెంచితే 2022లో ఎనిమిదో తరగతి చదివిన చెల్లెకి ఆ గుడ్డు తిరిగి రాదు.

కాబట్టి మేం అనేది ఇది. మనం ఐదేళ్లకోసారి, ఏడేళ్లకోసారి "డైట్ ఛార్జీలు పెంచాలి" అని ధర్నా చేసి, ఒక పెద్ద శాతం వినగానే చప్పట్లు కొట్టి ఇంటికి పోతున్నాం. అడగాల్సింది పెంపును కాదు, పద్ధతిని. కేంద్ర ఉద్యోగులకు డీఏ ఏడాదికి రెండుసార్లు, జనవరి, జులై లెక్కన, పారిశ్రామిక కార్మికుల ధరల సూచీని బట్టి మారుతుంది. దానికోసం ప్రతిసారీ రోడ్డెక్కే పని లేదు. ఉపాధి హామీ కూలీ రేట్లను కూడా వ్యవసాయ కూలీల ధరల సూచీని బట్టి ఏటా సవరిస్తూ వచ్చారు, చాలదని ఎంత అనుకున్నా ఒక లెక్కంటూ ఉంది. హాస్టల్ పిల్లల పళ్లేనికి మాత్రం అలాంటి సూచీ ఏదీ కట్టలేదు. డైట్ ఛార్జీని తిండి ధరల సూచీకి కట్టి, ప్రతి ఏడు స్కూళ్లు తెరిచే జూన్ లోపల సవరించాలి. మన డిమాండు ఈ ఒక్క వాక్యం కావాలి.

దీనికి ఎదురు మాట కూడా ఉంటుంది, అది కూడా చెప్పుకోవాలి. సూచీకి కడితే, 2025 అక్టోబరులా తిండి ధరలు దిగిన ఏడు రేటు తగ్గిస్తారా అని ఒకన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్న. అందుకే "ధర పెరిగితే పెరగాలి, దిగితే ఉన్నకాడ నిలవాలి" అని కూడా రాయించుకోవాలి. ఇంకోటి, సూచీ పాత పళ్లెం విలువను కాపాడుతుంది, అంతే. 2017 పళ్లెమే చాలనప్పుడు దాన్ని కాపాడితే ఏం లాభం? అది వేరే పోరాటం, పళ్లెంలో ఏముండాలి అన్న మెనూ పోరాటం. రెండూ కలిపేస్తే రెండూ పోతాయి.

మరి మన దగ్గర సాక్ష్యం ఏముంది? ఇదొక్కటి మనం చేయగలం. ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి నెలా అదే వారం సంతలో, అదే పది వస్తువులు, అదే రకం, అదే కొలత, ధర రాయండి. బేరం ఆడాక ఇచ్చిన ధర రాయండి, చెప్పిన ధర కాదు. వస్తువు దొరక్కపోతే "దొరకలేదు" అని రాయండి, పక్క రకం ధర రాసి కలిపేయకండి. ఎంత కొంటారో మొదటి నెల రాసుకుని, ఏడాది పాటు ఆ తూకం మార్చకండి. పన్నెండు నెలలు అయ్యాక పదమూడో నెలను మొదటి నెలతో పోల్చండి. పది వస్తువుల నోట్‌బుక్ దేశ సూచీకి సమానం కాదు, దాన్ని చూపి "ప్రభుత్వ లెక్క అబద్ధం" అనలేం. కానీ "మా ఏజెన్సీ సంతలో మా బుట్ట ఇంత పెరిగింది, మీ రేటు ఇంతే ఉంది" అని ఐటీడీఏ ఆఫీసులో కాగితం పెట్టగలం.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ప్రభుత్వ బుట్ట కూడా మారుతుంది. 2012 నాటి వాటాలు పాతబడ్డాయి. 2024ను ఆధార సంవత్సరంగా, 2023-24 ఖర్చుల సర్వేతో కొత్త సిరీస్ వచ్చింది. కొత్త బుట్టలో తిండి వాటా తగ్గింది. దేశం మొత్తం మీద జనం తిండి కాకుండా వేరే వాటికి పెట్టే ఖర్చు పెరిగింది కాబట్టి అది సహజమే. కానీ తిండికే ఎక్కువ పోయే ఇళ్లకు, ఆ అంకెకూ తమ సంచికీ మధ్య దూరం ఇంకొంచెం పెరుగుతుంది. పాత సూచీ 190 అని, కొత్త సూచీ 100 అని చూసి ధరలు సగమయ్యాయని ఎవరైనా అంటే నమ్మకండి. అది కొలబద్ద మీద కొలమానం మార్చడమే. రెండు సిరీస్‌లను కలిపే గుణకంతో హెచ్చించాకే పోల్చాలి.

తమ్ముడు ఆ రోజు నుంచి ఒక చిన్న పుస్తకం కొన్నాడు. మొదటి పేజీలో వాళ్లమ్మ చెప్పిన ధరలు రాసుకొచ్చాడు. నిర్వచనం అప్పజెప్పిన అన్నే కూర్చుని వాటాలు కట్టిచ్చాడు. మీ ఊరి సంత రోజు ఏదో, మీ బుట్టలో ఏ పది వస్తువులు పెడతారో కింద రాయండి. అన్నీ ఒకే పట్టికలో వేసుకుందాం.